బెల్లానికి మట్టి రంగు, పవర్ బ్యాంకుకి నీలం: ఈ లెక్క ఎంతవరకు పనికొచ్చింది

చిన్న వ్యాపారులకు వస్తువుల ఫొటోలు తీసివ్వడం నా పని. విజయవాడలో ఉంటాను. చార్జర్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు అమ్మేవాళ్లు వస్తారు. కొర్రలు, గానుగ నూనె, బెల్లం పొడి అమ్మేవాళ్లూ వస్తారు. ఎలక్ట్రానిక్స్‌కి చల్లని రంగులు, ఆర్గానిక్ సరుకుకి మట్టి రంగులు అనే మాట ఈ పనిలో అందరూ చెప్పేదే. దాన్ని నమ్మి నాలుగు మ్యాట్ పీవీసీ షీట్లు కొన్నాను: లేత నీలి బూడిద, ముదురు నీలం, గంధం రంగు, ఇటుక రంగు. కొన్నేళ్లుగా వాటి మీదే పని చేస్తున్నాను కాబట్టి షీట్లు ఎలా ఉన్నాయో, ఆ సూత్రం ఎక్కడ నిలబడిందో రెండూ చెబుతాను.

ఇదంతా రెండో ఫొటో నుంచే వర్తిస్తుంది. అమెజాన్‌లో మొదటి ఫొటోకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ తప్పనిసరి, అదీ RGB 255, 255, 255 ఉండాలి. ఫ్రేములో 85 శాతం వస్తువే నిండాలి. రంగుల పని ఆ తర్వాతి ఫొటోల్లో, సొంత వెబ్‌సైట్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో.

బాగా కుదిరిందేమిటంటే, సూత్రం రంగును సరిగ్గానే చూపిస్తుంది. లేత నీలి బూడిద మీద చార్జర్ పెడితే శుభ్రంగా, కొత్తగా కనిపిస్తుంది. గంధం రంగు మీద కొర్రలు పోస్తే తినే వస్తువులా కనిపిస్తాయి. ఆ రెండు షీట్లూ తారుమారు చేసి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆ రంగు ఎంత లేతగా ఉండాలి, ఎంత ముదురుగా ఉండాలి అన్నది సూత్రం చెప్పదు. నా అనుభవంలో ఫొటో నిలబడేదీ పడిపోయేదీ అక్కడే.

ఒక బెల్లం పొడి ప్యాకెట్ సంగతే చూడండి. ఆర్గానిక్ బెల్లం మామూలు బెల్లం కంటే ముదురుగా ఉంటుంది. ప్యాకెట్ కూడా ఇప్పుడు అందరూ వాడే బ్రౌన్ క్రాఫ్ట్ పేపర్ పౌచే, దాని మీద ఆకుపచ్చ లేబుల్. సూత్రం ప్రకారం ఇటుక రంగు షీట్ వేశాం. పెద్ద స్క్రీన్ మీద చూసి వ్యాపారి మెచ్చుకున్నారు. ఫొటోని ఫోన్‌లో వేలి గోరంత సైజుకి తగ్గిస్తే మాత్రం లేబుల్ ఒక్కటే మిగిలింది, పౌచ్ అంచులు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయాయి. అదే ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తే కారణం తెలిసింది. పౌచ్, షీట్ రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి మారాయి. పేరుకి ఒకటి బ్రౌన్, ఒకటి ఇటుక రంగు అయినా వాటి వెలుగు స్థాయి ఒకటే.

షీట్ మార్చి గంధం రంగు వేసి, పౌచ్ పక్కన ముదురు బెల్లం ముక్కలు పెట్టాం. లైటుని పక్కకు జరిపి పౌచ్ ఒక అంచు మీద పడేలా చేశాం. బ్లాక్ అండ్ వైట్‌లో కూడా అంచు స్పష్టంగా నిలబడింది. అప్పటి నుంచి షూట్ మొదలయ్యే ముందు ఒక టెస్ట్ ఫొటో తీసి, ఫోన్‌లో రంగు తీసేసి చూడటం అలవాటైంది. వస్తువు అంచు కనబడకపోతే షీట్ మారుస్తాను.

పసుపు పొడి దగ్గర ఇటుక రంగుకి ఇంకో చిక్కు ఉంది. ఎర్రటి నేపథ్యం పక్కన పసుపు కాస్త ఆకుపచ్చ వైపు వెళ్లినట్టు కంటికి అనిపిస్తుంది. కంప్యూటర్‌లో కొలిస్తే అంకెలు మారవు, మారేది మన చూపు. ఫ్రాన్సులో గోబెలాఁ అద్దకం శాలలో పనిచేసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లోనే దీని గురించి పుస్తకం రాశారు. నల్ల దారం నాసిగా ఉందని ఫిర్యాదులొస్తే, దోషం అద్దకంలో లేదనీ, పక్కనున్న దారాల రంగు వల్ల అలా కనిపిస్తోందనీ ఆయన తేల్చారు. అందుకే పసుపుకి ఇప్పుడు గంధం రంగే వేస్తాను.

గానుగ నూనె సీసా వేరే రకం సమస్య. అది పారదర్శకం కాబట్టి వెనక ఏ రంగుంటే అదే నూనెలోంచి కనిపిస్తుంది. లేత బంగారు రంగు వేరుశనగ నూనె ఇటుక రంగు ముందు పెడితే మాడిపోయిన నూనెలా ఉంటుంది. కొనేవాడికి అనుమానం రావడం ఖాయం. మట్టి రంగు షీట్ అలాగే ఉంచి, సీసా ఆకారం కంటే కాస్త చిన్నగా తెల్ల కార్డు కత్తిరించి, కెమెరాకి కనిపించకుండా సీసా వెనక వాలుగా నిలబెట్టాలి. లైటు ఆ కార్డు మీద పడి నూనెలోంచి తిరిగి వస్తుంది. నూనె అసలు రంగు అప్పుడు బయటపడుతుంది.

ఎలక్ట్రానిక్స్‌లో నల్ల పవర్ బ్యాంకు, ముదురు నీలం షీట్ కలిస్తే మళ్లీ అంచుల గొడవే. షోరూమ్ పోస్టర్లలో అది అద్భుతంగా కనిపించడానికి కారణం వస్తువు వెనక రెండు పక్కలా పెట్టే సన్నటి లైట్లు. ఒకే సాఫ్ట్‌బాక్స్ ఉన్నవాళ్లు ఆ షీట్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. నేనూ ఆ షీట్‌ని చాలా తక్కువగా వాడతాను.

తెల్ల చార్జర్‌కి నీలం ఇంకోలా తగులుతుంది. షీట్ మీద పడిన వెలుతురు నీలంగా మారి చార్జర్ నీడ వైపు అంటుకుంటుంది. "మాది తెల్లదండీ, ఇది నీలంగా ఉందేంటి" అని ఒక వ్యాపారి అడిగారు, ఆయన మాటలో న్యాయముంది. వస్తువుని వెనక షీట్‌కి కనీసం రెండడుగులు ముందుకి జరిపి, కింద మాత్రం తెల్ల బోర్డు వేస్తే ఆ ఛాయ చాలావరకు పోతుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచకూడదు. ఫ్రేము నిండా నీలం కనబడితే కెమెరా దాన్ని సరిచేయబోయి తెల్ల చార్జర్‌ని పసుపు చేస్తుంది. వస్తువు ఉన్న చోటే గ్రే కార్డు పెట్టి ఒక ఫొటో తీసి, దాంతో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ సెట్ చేస్తే ఆ షూట్ మొత్తానికి టెన్షన్ ఉండదు.

మిక్సీ, రైస్ కుక్కర్ లాంటివి కరెంటుతో నడిచినా వాటికి చల్లని రంగు నాకు నచ్చలేదు. అవి వంటింటి వస్తువులు. గంధం రంగు మీద ఎర్ర మిక్సీ ఎంతో బాగుంటుంది. కాబట్టి కేటగిరీ అంటే దుకాణంలో ఏ అరలో ఉంది అని చూడకుండా, ఇంట్లో ఎక్కడ వాడతారు అని చూస్తాను.

షీట్ల మన్నిక గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. నూనె మరకలు గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో పోతాయి, అదే పేపర్ రోల్ అయితే ఆ ముక్క కత్తిరించి పారేయాల్సిందే. పసుపు మరక మాత్రం సబ్బుకి లొంగదు. షీట్‌ని కాసేపు ఎండలో ఆరేస్తే మరక వెలిసిపోతుంది, ఎందుకంటే పసుపులోని కుర్కుమిన్ వెలుతురుకి విరిగిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే షీట్ మెత్తబడి వంకర పోతుంది కాబట్టి దగ్గరుండి చూసుకోవాలి. మడతపెడితే పడే గీత ఎప్పటికీ పోదు, చుట్టి నిలబెట్టి ఉంచాలి. కొత్తగా కొనేవాళ్లు ముందు లేత నీలి బూడిద, గంధం రంగు రెండే తీసుకోండి. ఇటుక రంగు, ముదురు నీలం రెండో లైటు కొన్నాక చూసుకోవచ్చు.