పాస్ కొనే ముందు గంటల లెక్క: సీజన్ పాస్, ఎక్స్‌పాన్షన్, బ్యాటిల్ పాస్‌లను ఏళ్ల తరబడి వాడాక

ఆట కొన్నాక కూడా మన జేబు తడిమే దారులు మూడున్నాయి. కథను పొడిగించే ఎక్స్‌పాన్షన్ ఒకటి. రాబోయే ఎక్స్‌పాన్షన్లకు ముందుగానే డబ్బు కట్టించుకునే సీజన్ పాస్ ఇంకొకటి. సాధారణంగా సీజన్ అనే కొన్ని వారాల గడువులో, ఆడినకొద్దీ ఒక్కో బహుమతీ తెరుచుకునే బ్యాటిల్ పాస్ మూడోది. మూడింటినీ చాలా ఏళ్లుగా కొంటూనే ఉన్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: ఎక్స్‌పాన్షన్‌ను నిశ్చింతగా కొనవచ్చు, సీజన్ పాస్‌ను ఆలస్యంగా కొనాలి, గడువున్న బ్యాటిల్ పాస్‌ను సీజన్ చివరి వారంలో తప్ప కొనకూడదు. ఆ మూడో మాటకే ఎక్కువ వివరణ కావాలి.

నేను గాజువాకలో ఉంటాను. షిఫ్టు ఉద్యోగం. ఒక వారం ఉదయం, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. రాత్రి డ్యూటీ వారంలో ఇంటికి వచ్చి పడుకోవడమే తప్ప కంప్యూటర్ ముఖం చూసే ఓపిక ఉండదు. బ్యాటిల్ పాస్ అసలు స్వరూపం నాకు తెలిసింది ఈ షిఫ్టుల వల్లే.

ఈ పద్ధతికి తొలి రూపం 2013లో డోటా 2 ఆటలో వచ్చింది. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం 2017 డిసెంబరులో ఫోర్ట్‌నైట్. చాలా కాలం పాటు ఆ పాస్ ధర 950 వీ-బక్స్, అంటే ఆ ఆటలో చెల్లే నాణేలు. పాస్ మొత్తం పూర్తి చేస్తే 1500 వీ-బక్స్ దాకా తిరిగి వచ్చేవి. అంటే ఒక్కసారి కొంటే చాలు, తర్వాతి పాస్ దానంతటదే వస్తుంది, పైగా మిగులు కూడా. ‘ఉచితమే కదా’ అనే భావన అక్కడే పుడుతుంది. కానీ ఆ నాణేలు ఒకేచోట చేతికి రావు. లెవెళ్ల మధ్య కొంచెం కొంచెంగా చల్లి ఉంటాయి. చివరి దాకా వెళ్లలేనివాడికి పెట్టుబడి కూడా తిరిగి రాకపోవచ్చు.

చివరి దాకా వెళ్లడానికి ఎంత ఆడాలో ఒక లెక్క వేద్దాం. అంకెలు తేలిగ్గా ఉండేలా సర్దాను గానీ, నేను ఆడే తుపాకీ ఆటకు ఇవి దగ్గరగానే ఉంటాయి. పాస్‌లో 100 లెవెళ్లు, సీజన్ 70 రోజులు. రోజువారీ మిషన్లు పూర్తి చేయడానికి గంట పడుతుంది. ఆ గంటలో ఆడిన మ్యాచ్‌లతో కలిపి ఒక లెవెల్ వస్తుంది. వారం మిషన్లు రెండు గంటల పని, మూడు లెవెళ్లు ఇస్తాయి. పది వారాలకు వాటి ద్వారా 30 లెవెళ్లు. మిగిలిన 70 లెవెళ్లకు 70 రోజులు, అంటే రోజుకు గంట చొప్పున ఒక్క రోజు కూడా తప్పకుండా ఆడాలి. మొత్తం 90 గంటలు. రెండు మూడు పెద్ద కథల ఆటలు ముగించేంత సమయం అది.

ఇప్పుడు నాలాంటివాడిని ఇందులో పెట్టండి. మూడు వారాలకు ఒక వారం రాత్రి డ్యూటీ అంటే 70 రోజుల్లో సుమారు 23 రోజులు పోతాయి. వారం మిషన్లు ఎలాగో సర్దుకున్నా నేను ఆగేది 77 దగ్గర. మిగిలిన 23 లెవెళ్లను మామూలు మ్యాచ్‌లతో పూడ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇరవై నిమిషాల మ్యాచ్ ఒక్కటి పదో వంతు లెవెల్ ఇస్తుంది. 23 లెవెళ్లకు 230 మ్యాచ్‌లు, దాదాపు 77 గంటలు. మిషన్లతో 23 గంటల్లో అయ్యే పనికి మూడింతలకు పైగా సమయం. తప్పిపోయిన రోజుకు జరిమానా ఇలా పడుతుంది. ఆట ఎంతసేపు ఆడామన్నదానికంటే ఎన్ని రోజులు హాజరు వేయించుకున్నామన్నదే పాస్‌కు ముఖ్యం. ఆదివారం ఏకబిగిన ఎనిమిది గంటలు ఆడేవాడికి కూడా ఇదే గతి.

అందుకే చివరి వారం అంటున్నాను. చాలా ఆటల్లో డబ్బు కట్టినా కట్టకపోయినా లెవెల్ పెరిగే వేగం ఒకటే. పాస్ కొన్న క్షణంలో అప్పటిదాకా చేరిన లెవెల్ వరకు ఉన్న బహుమతులన్నీ ఒక్కసారిగా చేతికి వస్తాయి. కాబట్టి సీజన్ అంతా ఉచిత వరుసలోనే ఆడండి. ముగిసే తేదీ ఆట తెరపైనే కనిపిస్తుంది. నాలుగైదు రోజులు మిగిలి ఉన్నప్పుడు పాస్ పేజీ తెరిచి, చేరిన లెవెల్ వరకు వరుసగా చూస్తూ వెళ్లండి. తిరిగి వచ్చే నాణేలెన్ని, నిజంగా తొడుక్కునే దుస్తులు ఎన్ని, ఊరికే సంఖ్య పెంచడానికి పెట్టిన స్టిక్కర్లు, లోడింగ్ తెరలు ఎన్ని అన్నది అప్పుడు ఊహ కాదు, కళ్లెదుట ఉన్న సరుకు. నచ్చితే కొనండి, లేకపోతే పేజీ మూసేయండి.

అయితే రెండు చోట్ల జాగ్రత్త అవసరం. కొన్ని ఆటల్లో డబ్బు కట్టినవారికే కొన్ని మిషన్లో, లెవెల్ త్వరగా పెరిగే బూస్టరో ఇస్తారు. అక్కడ ఆలస్యం చేస్తే ఆ లాభం పోతుంది. రెండోది నాణేల మూట. 950 ధర ఉన్న పాస్‌కు 1000 నాణేల మూట కొనాల్సి వస్తుంది. మిగిలిన యాభైతో ఏమీ రాదు. అది ఖాతాలో ఉండి దుకాణం వైపు లాగుతుంటుంది.

ఎంవీపీ కాలనీలో ఉండే మా మేనల్లుడు ఈ పద్ధతిని ఒప్పుకోడు. “మామయ్యా, మొదటి రోజే కొంటే రెండు నెలలు వేసుకుని తిరగొచ్చు. నువ్వు కొనేసరికి ఆ స్కిన్ పాతబడిపోతుంది” అంటాడు. వాడి మాటలో నిజముంది. కొత్తదనమే కావాలనుకునేవాడికి చివరి వారం కిట్టదు. కానీ వాడు రోజూ ఆడతాడు, కాలేజీకి సెలవులున్నాయి, నైట్ షిఫ్టు లేదు.

నాణేలు తిరిగి రావడం ఎంత పెద్ద ఎరో తెలియాలంటే 2024 జూలైలో ఏపెక్స్ లెజెండ్స్ విషయం చూడాలి. సీజన్‌కు ఒక పాస్ బదులు రెండు సగం పాస్‌లు పెడతామని, వాటిని ఆటలోని నాణేలతో కాకుండా అసలు డబ్బుతోనే కొనాలని ప్రకటించారు. ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఆ నెల ముగియకముందే నాణేలతో కొనే వీలును తిరిగి ఇచ్చారు. పాస్ కొనేవారిలో చాలామంది దుస్తుల కోసం కంటే ఆ చక్రం తెగకూడదనే ఆడుతున్నారన్నది అప్పుడు బయటపడింది.

సీజన్ పాస్‌ది వేరే తంతు. మధురవాడలో పునాది కూడా పడని ఫ్లాటుకు రంగుల కరపత్రం చూసి అడ్వాన్సు కట్టడం లాంటిది. కరపత్రంలో ఉన్నది వస్తుందా, ఎప్పుడు వస్తుంది అన్నదే మొత్తం విలువ. ఇక్కడ స్టీమ్ దుకాణం 2024 నవంబరులో పెట్టిన నిబంధనలు కొనేవారికి నిజంగా ఉపయోగపడుతున్నాయి. పాస్‌లో ఏయే భాగాలు ఉంటాయో, ఒక్కొక్కటి ఎప్పుడు వస్తుందో చెప్పాలి. ఏదైనా రద్దయితే దాని విలువ కొన్నవారికి తిరిగి ఇవ్వాలి. కాబట్టి పాస్ పేజీలో పేర్లు, వివరణ, తేదీలు ఉన్నాయా అని చూడటం మొదటి పరీక్ష. ‘మరెన్నో విశేషాలు’ అని మాత్రమే రాసి ఉంటే అక్కడే వెనక్కి తిరగవచ్చు.

రెండో పరీక్షకు కాగితం, కలం చాలు. ఉదాహరణకు పాస్ 2,499 రూపాయలు అనుకుందాం. అందులో ఒక్కొక్కటి 1,199 రూపాయల కథాభాగాలు రెండు, ఒక్కొక్కటి 399 రూపాయల దుస్తుల మూటలు మూడు. విడివిడిగా కొంటే మొత్తం 3,595. పేజీలో ‘30 శాతం ఆదా’ అని పచ్చగా కనిపిస్తుంది. దుస్తులు మీకు అక్కర్లేదనుకోండి, వాటిని కొట్టేయండి. రెండు కథాభాగాలకు అయ్యేది 2,398 రూపాయలే. విడిగా కొంటేనే 101 రూపాయలు తక్కువ, పైగా మొదటి భాగం నచ్చకపోతే రెండోది మానుకునే స్వేచ్ఛ ఉంటుంది. ఆ 30 శాతమంతా దుస్తుల్లో దాచిన ఆదా. కొన్నాళ్లు ఆగితే సెలవుల సేల్‌లో అన్నీ కలిపిన కంప్లీట్ ఎడిషన్ రావడమూ మామూలే.

కలిసి ఆడే ఆటల్లో కొత్త మ్యాపులు అమ్మే సీజన్ పాస్‌కు ఇంకో రోగం ఉండేది. నేనొక ఆటలో అలాంటిది కొన్నాను. మా జట్టులో మిగతావారు కొనలేదు. వాళ్లతో ఆడితే పాత మ్యాపులే, కొత్త మ్యాపుల్లోకి వెళితే గదిలో మనుషులే లేరు. పరిశ్రమ కూడా దీన్ని గమనించి దారి మార్చుకుంది. 2016లో టైటన్‌ఫాల్ 2 మ్యాపులను ఉచితంగా ఇచ్చింది, 2018లో బ్యాటిల్‌ఫీల్డ్ 5 డబ్బు పాస్‌ను వదిలేసింది. ఇప్పటికీ ఎక్కడైనా మ్యాపులకు డబ్బు అడుగుతుంటే, మీతో ఆడేవాళ్లు కొంటున్నారా అని అడిగి తెలుసుకోండి.

ఎక్స్‌పాన్షన్ దగ్గర నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ది విచర్ 3కి 2016లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్ భాగం సుమారు ఇరవై గంటల కథ. దానికి గడువు లేదు, హాజరు పట్టీ లేదు. రాత్రి డ్యూటీ వారమంతా వదిలేసి మళ్లీ మొదలుపెట్టినా ఆట అక్కడే ఉండేది. అయితే నిరంతరం సర్వర్ మీద నడిచే ఆటల్లో ఈ భరోసా ఉండదు. డెస్టినీ 2లో 2020 నవంబరులో పాత కథా ప్రచారాలను, అంతకుముందు డబ్బుకు అమ్మిన భాగాలతో సహా, ఆట నుంచి తీసేశారు. ఎక్స్‌పాన్షన్ అనే పేరు చూసి కాదు, ఒంటరిగా ఆఫ్‌లైన్‌లో ఆడగలమా అన్నది చూసి కొనాలి.

ఇంకో చిక్కు గురించి మాత్రం వివరంగా చెప్పాలి. 2024 జూన్‌లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఎక్స్‌పాన్షన్‌లోకి అడుగుపెట్టాలంటే అసలు ఆటలో రాడాన్, మోగ్ అనే ఇద్దరు బలమైన శత్రువులను ముందే ఓడించి ఉండాలి. మోగ్ దాకా వెళ్లడానికే చాలామందికి పదుల గంటలు పడుతుంది. స్టీమ్‌లో అదనపు భాగాన్ని వాపసు ఇవ్వాలంటే, కొన్న 14 రోజుల్లోపు అడగాలి, కొన్నాక అసలు ఆటను రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉండాలి. ఈ రెండూ కలిపి చూడండి. తగ్గింపు ఉందని ముందే కొని, మోగ్ కోసం అసలు ఆటలో కష్టపడుతుంటే ఆ రెండు గంటలు దారిలోనే కరిగిపోతాయి. ఎక్స్‌పాన్షన్ గుమ్మం చూడకముందే వాపసు హక్కు పోతుంది. అందుకే గుమ్మం దాకా వెళ్లి, సేవ్ చేసి, అప్పుడు కొనాలి.

బ్యాటిల్ పాస్‌లలో నేను మొదటి రోజే కొనే రకం ఒకటుంది: గడువు లేనివి. 2021లో హేలో ఇన్ఫినిట్ ఆ పద్ధతి పెట్టింది, హెల్‌డైవర్స్ 2లోని వార్‌బాండ్లూ అంతే. కొన్న పాస్ మనదే, ఎప్పుడు తీరితే అప్పుడు ముందుకు నడపవచ్చు. అక్కడ పై లెక్కలేవీ అక్కర్లేదు, లోపలి వస్తువులు నచ్చాయా లేదా అన్నదొక్కటే ప్రశ్న. అలాంటి పాస్ ఒకటి నా దగ్గర సగంలో ఆగి ఉంది. వచ్చే వారం ఉదయం షిఫ్టు, సాయంత్రాలు ఖాళీ.