హీట్ గన్‌తో నాలుగేళ్లు: పక్క పలక చెడకుండా వినైల్ పలక లేపడం

ఈ హీట్ గన్ కొని నాలుగేళ్లు దాటింది. వాట్లు ఎన్ని, బరువెంత లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను దీన్ని కొన్నది ఒకే ఒక్క పని కోసం. మా ఆఫీసులో మూడు అంతస్తుల నిర్వహణ నేనే చూస్తాను. మూడింట్లోనూ నేలంతా జిగురుతో అతికించిన వినైల్ పలకలే. బరువైన బీరువా లాగితే ఒకటి చిరుగుతుంది, కుర్చీ చక్రం కింద రాయి ముక్క ఇరుక్కుంటే ఇంకొకటి గీరుకుపోతుంది. ఇలా ఏడాదికి ఐదారు పలకలు మార్చాల్సి వస్తుంది. ఇప్పటికి ఇరవైకి పైనే లేపాను.

ఇందులో నాకు ప్రాణం లాంటిది వెనక ఉన్న చిన్న చక్రం. దాన్ని తిప్పితే గాలి వేడి 50 డిగ్రీల నుంచి 600 డిగ్రీల దాకా కొంచెం కొంచెంగా మారుతుంది. అంతకుముందు నా దగ్గర ఉన్న గన్‌కి తక్కువ, ఎక్కువ అని రెండే మెట్లు ఉండేవి. ఆ తక్కువ కూడా పెయింట్ ఊడగొట్టడానికి సరిపోయేంత వేడి. వినైల్ పలకకు అంత వేడి అక్కర్లేదు, తగిలించకూడదు కూడా. మా నేల కింద ఉన్నది ఆరిపోయినా బంక బంకగానే ఉండే రకం జిగురు. పలక పైభాగం 50, 60 డిగ్రీలకు చేరితే చాలు, కింద జిగురు మెత్తబడి తీగలు తీగలుగా సాగుతుంది. అంతకు మించి కాల్చుకుంటూ పోతే పలకే జావలా మెత్తబడి, పైన ఉన్న చెక్క నార అచ్చు చదునైపోతుంది. ఇంకా మించితే ఘాటైన వాసన వస్తుంది, అది పీల్చకూడని పొగ. అందుకే చక్రాన్ని 150 దగ్గర పెట్టి, గన్‌ను నేలకు జానెడు దూరంలో పట్టుకుని, ఒకచోట ఆపకుండా ఊపుతూ ఉంటాను. పలక మీద అరచెయ్యి పెడితే ఒకటి రెండు సెకన్లకే తీసేయాలనిపించాలి. అదే నా కొలత. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను గానీ చెయ్యి చెప్పింది, అది చెప్పింది దాదాపు ఒకటే.

కొన్న మొదటి నెలలోనే ఒక పలక లేపి, దీంతో ఎంత అతికిన పలకైనా వెన్నలా లేచిపోతుందని పక్క ఆఫీసు వాళ్లకి కూడా చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. ఎందుకంటే ఆ తర్వాత రెండో అంతస్తు కిటికీ పక్కన ఏం జరిగిందో చెప్పాలి.

ఆ పలక 7 అంగుళాల వెడల్పు, 4 అడుగుల పొడవు, మందం రెండున్నర మిల్లీమీటర్లు. మధ్యలో బొటనవేలంత చిరుగు. గన్‌తో పాటు వెడల్పాటి చేప తోక లాంటి మూతి ఒకటి ఇచ్చారు. గాలిని సన్నని గీతలా వదులుతుంది. అతుకు వెంబడి వేడి పెట్టడానికే దాన్ని చేశారేమో అనిపించి తగిలించాను. పలకకూ పక్క పలకకూ మధ్య అతుకు మీద ఆ గీతను నడుపుకుంటూ వెళ్లి, పుట్టీ బ్లేడును అతుకులోకి దూర్చి పైకి ఎత్తాను. చిరిగిన పలక అంచు లేచింది. దాంతో పాటే పక్క పలక అంచు కూడా లేచింది. పలకలు వేసిన రోజు అతుకులోకి కాస్త జిగురు పొంగి రెండింటినీ కలిపేసినట్టుంది. లేచిన ఆ అంచును వెంటనే నొక్కి పెట్టాను, అతుక్కుంది. కానీ చల్లబడ్డాక చూస్తే ఆ అంచు పొడవునా వేలెడు వెడల్పున నిగనిగలాడుతోంది. మిగతా నేల మాట్‌గా, నార అచ్చుతో ఉంటే అక్కడ మాత్రం గ్లాసు పూసినట్టు మెరుపు. ఎంత తుడిచినా పోదు, ఎందుకంటే అది మరక కాదు, అచ్చే కరిగిపోయింది. ఉదయం పూట కిటికీలోంచి ఎండ పడితే దూరం నుంచే కనబడేది.

రెండు రోజుల తర్వాత వేరే పని మీద వచ్చిన ఫ్లోరింగ్ మేస్త్రీకి చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వేలితో ఆ మెరుపును తడిమి, "సార్, ఆ మూతి తీసేయండి. వేడంతా ఒక్క గీత మీదే పడుతోంది. అసలు అతుకు దగ్గర మొదలు పెట్టకండి, నడుమలోంచి రండి" అన్నాడు. ఒక పలక లేపి చూపించమంటే మారు మాట్లాడకుండా చూపించాడు. అప్పటి నుంచి నా పద్ధతి మొత్తం మారింది.

ఇప్పుడు చేసేది ఇలా ఉంటుంది. ముందు పక్క పలకల మీద అంచు వెంబడి మాస్కింగ్ టేప్ అంటిస్తాను. కట్టర్‌కి కొత్త బ్లేడు వేసి, అతుకు పొడవునా నిలువుగా ఒకసారి గీస్తాను. పొంగిన జిగురు ఏదైనా ఉంటే ఇక్కడే తెగిపోతుంది. తర్వాత చెడిన పలక లోపల, నాలుగు వైపులా అంచు నుంచి అంగుళం వదిలి చట్రంలా కోస్తాను. ఒక్క దెబ్బలో కోయాలని బలం పెడితే బ్లేడు జారి పక్క పలక మీదికి పోతుంది, అందుకని స్కేలు ఆనించి మూడు నాలుగు సార్లు తేలిగ్గా గీస్తాను. అలా కోస్తే నడుమ పెద్ద ముక్క, చుట్టూ అంగుళం వెడల్పు పట్టీలు మిగులుతాయి.

వేడి ముందు నడుమ ముక్కకే. మూతి లేకుండా, ఒక మూల నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు చొప్పున వేడెక్కించి, బ్లేడును పడుకోబెట్టి కిందికి తోస్తాను. మూల లేచాక చేత్తో పట్టుకుని నెమ్మదిగా వెనక్కి మడుస్తూ లాగాలి, గన్ మాత్రం విడిపోతున్న జిగురు గీత మీదే ఉండాలి. జిగురు తీగలుగా సాగుతూ వస్తుంటే వేడి సరిగ్గా ఉందని అర్థం. ముక్క వంగకుండా, పెళుసుగా విరిగి వస్తుంటే వేడి చాలలేదు. పలకే రబ్బరులా సాగిపోతుంటే ఎక్కువైంది, గన్ పక్కన పెట్టి నిమిషం ఆగాలి.

నడుమ ఖాళీ అయ్యాక అసలు సుఖం తెలుస్తుంది. పట్టీల కిందికి బ్లేడు లోపలి వైపు నుంచే దూరుతుంది కాబట్టి, పక్క పలక మీద దేన్నీ ఆనించాల్సిన అవసరమే రాదు. పట్టీకి కొద్దిగా వేడి ఇచ్చి లోపలికే లాగుతాను. ఈ దశలో పక్క పలక మీద సన్నని రేకు ముక్క ఒకటి పరుస్తాను, వేడి దాని మీదే పడి ఆగుతుంది. రేకు కింద తడిగుడ్డ కూడా వేయొచ్చు గానీ నీళ్లు అతుకులోకి దిగుతాయేమోనని నేను వేయను. పట్టీ వచ్చేశాక పక్క పలక అంచు మీద పది నిమిషాలు బరువు పెడతాను. వెచ్చబడిన జిగురు చల్లారే లోపు అంచు లేవకుండా ఉండాలి కదా.

కింద మిగిలిన జిగురు గురించి ఒక్క మాట. గుట్టలుగా ఉన్నచోట గీకేస్తే చాలు. లేదంటే కొత్త పలక వేశాక ఆ గుట్టలు పైకి బుడిపెల్లా కనబడతాయి. స్పిరిట్ నేల మీద పోయకూడదు, అది పక్క పలకల కిందికి పాకి వాటి జిగురును కూడా వదులు చేస్తుంది. గుడ్డకు తడిపి తుడవాలి. అయితే 1980కి ముందు వేసిన పాత నేల కింద నల్లటి తారు లాంటి జిగురు కనబడితే దాన్ని వేడి చేయొద్దు, గీకొద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ముందు పరీక్ష చేయించాలి.

మూడో ఏడు గన్ నాకు ఇంకో పాఠం చెప్పింది. చక్రం అదే 150 దగ్గర ఉన్నా పలక మామూలు కంటే చాలా తొందరగా వేడెక్కుతోంది. థర్మామీటర్ పెడితే, ఎప్పుడూ 55 చూపించేచోట 80 చూపించింది. చక్రం పాడైందనుకుని చాలా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే వెనక గాలి పీల్చే చోట జాలీ మొత్తం జిగురు పొడి, దుమ్ముతో మూసుకుపోయింది. గాలి తగ్గితే అదే కాయిల్ మీద గాలి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. బ్రష్‌తో జాలీ శుభ్రం చేశాక మళ్లీ 55కే వచ్చింది. చక్రం మీద అంకె మూతి దగ్గర గాలి వేడిదే గాని పలక వేడిది కాదని అప్పటిదాకా అంత గట్టిగా తలకెక్కలేదు. ఇప్పుడు ప్రతి పలకకు ముందు జాలీ చూసుకుంటాను.

దీంతో కాని పనులూ ఉన్నాయి. గట్టిగా రాయిలా ఆరిపోయే రకం జిగురు మా మూడో అంతస్తులో ఒక గదిలో ఉంది. అక్కడ పలక లేవడానికి రెట్టింపు సమయం పట్టింది, సగం ముక్కలుగా వచ్చింది. లామినేట్ పలక అయితే వేడి పెట్టడమే దండగ. అది లోపల నొక్కిన చెక్కపొడి బోర్డు, నేలకు అతికి ఉండదు, పక్క పలక గాడిలో నాలుకలా ఇరికి ఉంటుంది. దానికి సర్క్యులర్ సా బ్లేడు లోతును పలక మందానికి సరిగ్గా పెట్టి, ఒకటిన్నర అంగుళం లోపలగా చట్రం కోసి, మూలల దాకా చీల్చి, అంచు ముక్కలను లోపలికి విరిచి తీయాలి. చట్రం లోపలగా కోయడం అన్న లెక్క అక్కడా పనికొస్తుంది, గన్ మాత్రం పెట్టెలోనే ఉంటుంది.

కాబట్టి కొనమని అందరికీ చెప్పను. నాలా బంక జిగురు మీద పలకలు వేసి, ఏటా మార్చాల్సి వచ్చేవాళ్లకు వేడి కొంచెం కొంచెంగా తగ్గించుకునే గన్ కావాలి. ఎప్పుడో ఒక్క పలక లేపేవాళ్లు గుడ్డ పరిచి దాని మీద మామూలు ఇస్త్రీ పెట్టె నడిపినా పని జరగొచ్చు, చూశాను. నాకున్న ఇంకో అదృష్టం, నేల వేసిన రోజున అదే బ్యాచ్ పలకలు ఒక పెట్టె మిగిలాయి. ఇప్పుడు అందులో మూడే ఉన్నాయి. కిటికీ పక్కన మెరిసే ఆ పలకను మార్చాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, దానికి చిరుగు లేదు, కదలడం లేదు. చేప తోక మూతిని మాత్రం ఆ రోజే గన్ పెట్టెలోంచి తీసేశాను.