"మా మెయిల్ ఐడీ మీకెక్కడిది?" అని అడిగితే దాటవేయడం మేలా, ఉన్నది చెప్పడం మేలా?

గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత, తేమ నమోదు చేసే పరికరాలను అమ్మే ఒక విజయవాడ సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. ఆ సంస్థ పంపిన పరిచయ లేఖకు ఒక మేనేజర్ నుంచి "మా మెయిల్ ఐడీ మీకెవరిచ్చారు?" అని ఒకే ఒక వాక్యం జవాబుగా వచ్చింది. ఇటువంటప్పుడు సాధారణంగా కనిపించే దారులు మూడు: "మా డేటాబేస్‌లో ఉందండి" అని దాటవేయడం, క్షమాపణ చెప్పి తప్పుకోవడం, వచ్చిన చోటును ఉన్నదున్నట్టు చెప్పడం.

మొదటి దారిలో అబద్ధం లేకపోవచ్చు గానీ, జవాబు కూడా లేదు. ఆ డేటాబేస్‌లోకి ఐడీ ఎలా చేరిందన్నదే ఆయన ప్రశ్న. జవాబు దొరకనివారు మళ్లీ అడగరు, స్పామ్ బటన్ నొక్కుతారు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ 2024 నుంచి పంపేవారికి షరతు పెట్టింది. జీమెయిల్ ఖాతాలకు 200 మెయిళ్లు పంపే చిన్న సంస్థకు ఒక్క ఫిర్యాదు వచ్చినా అది 0.5 శాతం అవుతుంది. ఇక రెండో దారిలో మర్యాద ఉన్నా, అడిగినదానికి సమాధానం లేకుండా వచ్చే క్షమాపణ నేరం ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది.

నా ఓటు మూడో దారికే. అయితే ఐడీ ఎక్కడ దొరికిందన్నదాన్ని బట్టి ఆ నిజం చెప్పడంలో తేలికా కష్టమూ ఉంటాయి. వారి వెబ్‌సైట్‌లోనే దొరికి ఉంటే పని సులువు:

"నమస్కారమండి. మీ సంస్థ వెబ్‌సైట్‌లోని 'సంప్రదించండి' పేజీలో ఈ ఐడీ చూసి రాశాను. మీకు ఇటువంటి మెయిళ్లు అక్కర్లేదంటే ఒక్క మాట చెప్పండి, ఇకపై పంపము."

ఇంతే చాలు. ఈ జవాబులోనే పరికరం ధర, బ్రోచర్, డెమో తేదీ చేర్చాలన్న ఆశ అమ్మకందారుకు సహజంగా కలుగుతుంది, చేర్చకపోవడమే మేలు. ఆయన అడిగింది పరికరం గురించి కాదు, ఆసక్తి ఉంటే తర్వాతి మెయిల్‌లో ఆయనే అడుగుతారు.

చిక్కంతా ఊహించి పట్టుకున్న ఐడీలతోనే. మేనేజర్ పేరు లింక్డ్‌ఇన్‌లో కనిపించింది, అదే సంస్థలో మరొకరి ఐడీ తీరును బట్టి ఈయన ఐడీ ఇలా ఉంటుందని అమ్మకందారు ఊహించుకున్నాడు. "లింక్డ్‌ఇన్‌లో దొరికింది" అని రాస్తే ఆయన తన ప్రొఫైల్ తెరిచి చూసుకుంటారు, అక్కడ ఐడీ లేకపోతే అమ్మకందారు మాట అబద్ధమని అక్కడికక్కడే తేలిపోతుంది. "మీ పేరు లింక్డ్‌ఇన్‌లో చూశాను, మీ సంస్థ ఐడీలు ఉండే తీరును బట్టి మీ ఐడీని ఊహించి రాశాను" అనడం కొంచెం ఇబ్బందిగా ఉన్నా, అది తిరిగి అడగడానికి ఏమీ మిగల్చని జవాబు. జాబితాను కొని ఉంటే, అమ్మిన సంస్థ పేరు కూడా చెప్పాలి. ఆయన తన వివరాలు తీసివేయమని అడగవలసింది వారినే.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగి రాయాలి. ఐడీ ఇచ్చింది మిర్చి యార్డులోని కమీషన్ ఏజెంటు అయితే, ఆయనకు ముందుగా ఫోన్ చేసి, పేరు చెప్పవచ్చునా అని అడగాలి. యార్డులో అందరికీ అందరూ తెలిసినవారే, అడగకుండా పేరు బయటపెడితే ఇద్దరితోనూ చెడుతుంది. ఆయన వద్దంటే "మీ వ్యాపారం తెలిసిన ఒకరు ఇచ్చారు, వారి అనుమతి లేక పేరు చెప్పలేకపోతున్నాను" అని రాయడం కల్పించిన కథ కంటే నయం.

చట్టం సంగతికి వస్తే, వ్యక్తి తానే బహిరంగంగా పెట్టిన వివరాలకు మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వర్తించదు. ఇదే సంస్థ జర్మనీలోని ఒక కొనుగోలుదారు వ్యక్తిగత ఐడీకి రాస్తే లెక్క వేరు: ఐరోపా డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 14వ అధికరణం ప్రకారం, వివరాలు ఇతర చోట్ల నుంచి తెచ్చుకున్నవారు అవి ఎక్కడివో మొదటి మెయిల్ నాటికే, అడగకముందే చెప్పాలి.

ఆయన "ఇక పంపవద్దు" అంటే, ఐడీని పూర్తిగా చెరిపివేయడం కంటే 'పంపకూడని' జాబితాలో ఆ ఒక్క ఐడీని ఉంచుకోవడం మేలు. చెరిపేస్తే వచ్చే నెల కొత్త జాబితా ఎక్కించినప్పుడు అదే ఐడీ మళ్లీ లోపలికి వస్తుంది. వరుస మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ జవాబు రాగానే ఆగిపోతుందన్న ధీమా కూడా వద్దు. మెయిల్ info@ ఐడీకి వెళ్లి, యజమాని తన సొంత జీమెయిల్ నుంచి జవాబిస్తే, ఆ రెండూ ఒకరివేనని సాఫ్ట్‌వేర్ గుర్తించకపోవచ్చు. అందుకే సంజాయిషీ పంపే ముందే ఆ వరుసను చేత్తో ఆపాలి, లేకపోతే "ఇకపై పంపము" అన్న మూడో రోజున "నా గత మెయిల్ చూశారా?" అన్న మెయిల్ తనంతట తానే వెళ్లిపోతుంది.